బైబ్యాక్: కంపెనీ తన షేర్లను తానే కొంటే ఈక్విటీ ఏమవుతుంది?

ఒక కంపెనీ తాను జారీ చేసిన షేర్లను తన వాటాదారుల దగ్గరి నుంచి డబ్బిచ్చి తిరిగి కొనుక్కోవడాన్ని బైబ్యాక్ అంటారు. కొన్న షేర్లు కంపెనీ చేతిలో ఆస్తిగా ఉండవు. భారత చట్టం ప్రకారం అవి రద్దయిపోతాయి. కొనుగోలు పూర్తయిన ఏడు రోజుల్లోగా వాటిని లేకుండా చేయాలి. కాగితం సర్టిఫికెట్లయితే చింపి నాశనం చేయాలి, డీమ్యాట్‌లో ఉంటే డిపాజిటరీ ఖాతాలోనే చెరిపేయాలి. ఇంకో కంపెనీ షేర్లు కొంటే ఒక ఆస్తి పోయి మరో ఆస్తి వస్తుంది. సొంత షేర్లు కొంటే మాత్రం నగదు పోతుంది, దానికి బదులుగా ఏ ఆస్తీ రాదు. ఆ మేరకు ఈక్విటీ తగ్గుతుంది. బైబ్యాక్ లెక్క అంతటికీ మూలం ఇదే.

సొంత షేర్లు కొనే అధికారం కంపెనీలకు చాలాకాలం పాటు లేదు. 1887లో ట్రెవర్ వర్సెస్ విట్‌వర్త్ కేసులో ఇంగ్లండ్ హౌస్ ఆఫ్ లార్డ్స్, కంపెనీ తన షేర్లను తాను కొనడం చెల్లదని తీర్పు చెప్పింది. దాని వెనక ఉన్న ఆలోచన సూటిగానే ఉంటుంది. పరిమిత బాధ్యత గల కంపెనీకి అప్పు ఇచ్చినవాడు వాటాదారుల ఇంటి మీదికి వెళ్లి వసూలు చేసుకోలేడు. అతనికున్న ధీమా కంపెనీలో ఉన్న మూలధనమే. ఆ మూలధనాన్ని వాటాదారులు దొడ్డిదారిన వెనక్కి తీసుకుపోతే అప్పిచ్చినవాడు మునిగిపోతాడు. భారతదేశం కూడా ఈ సూత్రాన్నే పాటించింది. 1998 అక్టోబర్ 31న ఆర్డినెన్స్ ద్వారా పాత కంపెనీల చట్టంలో 77ఏ సెక్షన్ చేర్చాకనే బైబ్యాక్‌కు తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు 2013 కంపెనీల చట్టంలోని 68, 69, 70 సెక్షన్లు ఈ వ్యవహారాన్ని నడిపిస్తున్నాయి. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలకు వీటితోపాటు సెబీ 2018లో తెచ్చిన నిబంధనలు కూడా వర్తిస్తాయి. తలుపు తెరిచినా పాత భయాన్ని చట్టం మరిచిపోలేదు. బైబ్యాక్‌కు ఏ నిధులు వాడాలి, ఎంత వాడాలి, వాడాక ఖాతాల్లో ఏం చేయాలి అనే ప్రతి నిబంధన వెనకా అప్పిచ్చినవాడి రక్షణే కనిపిస్తుంది.

చట్టం అనుమతించిన నిధుల మూలాలు మూడే. మొదటిది ఫ్రీ రిజర్వులు, అంటే కంపెనీ కావాలనుకుంటే డివిడెండుగా పంచగలిగిన లాభాల నిల్వ. సాధారణ రిజర్వు, లాభనష్టాల ఖాతాలోని మిగులు ఇందులోకి వస్తాయి. స్థలం ధర పెరిగిందని పుస్తకాల్లో విలువ పెంచి రాసుకున్న రీవాల్యుయేషన్ రిజర్వు రాదు. చేతికి అందని ఊహాలాభాలేవీ ఇందులో చేరవు. ఇది సరైన నిబంధనే. కాగితం మీద పెరిగిన స్థలం విలువతో ఎవరికీ డబ్బు చెల్లించలేం కదా. రెండో మూలం సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతా. 10 రూపాయల షేరును 50కి అమ్మినప్పుడు అదనంగా వచ్చిన 40 రూపాయలు చేరేది ఇందులోనే. మూడోది కొత్తగా షేర్లు గానీ, ఇతర నిర్దేశిత సెక్యూరిటీలు గానీ జారీ చేయగా వచ్చిన సొమ్ము. అయితే దీనికొక ముడి ఉంది. ఏ రకం షేర్లు వెనక్కి కొంటున్నారో అదే రకం షేర్లను అంతకుముందు అమ్మగా వచ్చిన డబ్బు వాడకూడదు. ఈక్విటీ షేర్లు అమ్మి ఆ డబ్బుతో ఈక్విటీ షేర్లే కొంటే కుడిచేత్తో తీసుకుని ఎడమచేత్తో ఇచ్చినట్టే అవుతుంది. ప్రిఫరెన్స్ షేర్లు జారీ చేసి ఆ సొమ్ముతో ఈక్విటీ కొనవచ్చు.

ఈ జాబితాలో అప్పు లేదు. బ్యాంకుల నుంచి, ఆర్థిక సంస్థల నుంచి తెచ్చిన రుణాన్ని బైబ్యాక్‌కు వాడకూడదని నిబంధనలు విడిగా కూడా చెబుతున్నాయి. డిపాజిట్లు, డిబెంచర్లు, టర్మ్ లోన్లు తిరిగి చెల్లించడంలోనో, ప్రకటించిన డివిడెండు ఇవ్వడంలోనో తప్పిన కంపెనీకి అసలు బైబ్యాక్ చేసే వీలే లేదు. ఆ బాకీ తీర్చేసి మూడేళ్లు గడిచాకే మళ్లీ అర్హత వస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ‘రిజర్వుల నుంచి చెల్లిస్తారు’ అనగానే రిజర్వు అంటే పెట్టెలో దాచిన డబ్బు అనుకుంటారు. కాదు. ఆస్తి అప్పుల పట్టీలో రిజర్వు ఉండేది వాటాదారుల హక్కుల వైపు. కంపెనీ ఇంతవరకు సంపాదించి పంచకుండా ఉంచుకున్న లాభం ఎంతో అది చెబుతుంది. ఆ లాభం ఇప్పుడు యంత్రాల రూపంలోనో, గోడౌన్‌లోని సరుకు రూపంలోనో, ఖాతాదారులు ఇవ్వాల్సిన బాకీల రూపంలోనో ఉండవచ్చు. నగదు ఉండేది ఆస్తుల వైపు. బైబ్యాక్‌కు రెండూ కావాలి. రిజర్వు ఉంటే చట్టం అనుమతిస్తుంది, నగదు ఉంటేనే చెక్కు చెల్లుతుంది. రిజర్వులు కోట్లలో ఉండి బ్యాంకు ఖాతా ఖాళీగా ఉన్న కంపెనీ బైబ్యాక్ ప్రకటించిందంటే, ఆ నగదు ఎక్కడి నుంచి రాబోతోందని అడగాల్సిందే.

పరిమితులు ఎలా పనిచేస్తాయో ఒక లెక్కతో చూస్తే సులభంగా తెలుస్తుంది. ఒక కంపెనీకి 10 రూపాయల ముఖ విలువ గల ఈక్విటీ షేర్లు 10 లక్షలు ఉన్నాయనుకుందాం. అంటే చెల్లించిన మూలధనం 100 లక్షలు. సెక్యూరిటీస్ ప్రీమియం 60 లక్షలు, సాధారణ రిజర్వు 150 లక్షలు, లాభనష్టాల ఖాతాలో మిగులు 70 లక్షలు, రీవాల్యుయేషన్ రిజర్వు 40 లక్షలు ఉన్నాయి. అప్పులు 600 లక్షలు. షేరు ఒక్కింటికి 40 రూపాయలిచ్చి వెనక్కి కొనాలని డైరెక్టర్లు అనుకున్నారు. ఎన్ని కొనవచ్చు?

చట్టం మూడు కొలతలు పెడుతుంది. మొదటిది, ఒక ఆర్థిక సంవత్సరంలో చెల్లించిన ఈక్విటీ మూలధనంలో 25 శాతానికి మించి షేర్లు కొనకూడదు. ఈ కంపెనీకి అది 2.5 లక్షల షేర్లు. రెండోది, వెచ్చించే సొమ్ము మూలధనం, ఫ్రీ రిజర్వుల మొత్తంలో 25 శాతం దాటకూడదు. ఈ లెక్కకు సెక్యూరిటీస్ ప్రీమియాన్ని కూడా ఫ్రీ రిజర్వుల్లో కలుపుతారు. రీవాల్యుయేషన్ రిజర్వును వదిలేస్తే మొత్తం 380 లక్షలు, అందులో నాలుగో వంతు 95 లక్షలు. 40 రూపాయల చొప్పున 2,37,500 షేర్లు వస్తాయి.

మూడోది అసలు మెలిక. బైబ్యాక్ తర్వాత అప్పులు, మూలధనం ప్లస్ ఫ్రీ రిజర్వులకు రెండింతలు మించకూడదు. అప్పు 600 లక్షలు కాబట్టి బైబ్యాక్ తర్వాత కనీసం 300 లక్షలు మిగలాలి. ఇప్పుడు 380 ఉంది. 80 లక్షలు ఖర్చు పెట్టవచ్చు, అంటే 2 లక్షల షేర్లు కొనవచ్చు అని తొందరపడితే తప్పు చేసినట్టే. దానికి కారణం 69వ సెక్షన్.

ఫ్రీ రిజర్వుల నుంచి గానీ సెక్యూరిటీస్ ప్రీమియం నుంచి గానీ షేర్లు కొన్నప్పుడు, రద్దయిన షేర్ల ముఖ విలువకు సమానమైన మొత్తాన్ని పంచదగిన రిజర్వుల్లోంచి తీసి క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వు అనే వేరే ఖాతాలో వేయాలని ఆ సెక్షన్ చెబుతుంది. తెలుగు వాణిజ్య పాఠ్యపుస్తకాల్లో దీన్ని మూలధన విమోచన నిధి అంటారు. ఒకసారి ఇందులోకి వెళ్లిన సొమ్మును డివిడెండుగా పంచడానికి వీల్లేదు. వాటాదారులకు పూర్తిగా చెల్లించిన బోనస్ షేర్లు ఇవ్వడానికి మాత్రం వాడవచ్చు. బోనస్ ఇస్తే ఆ మొత్తం మళ్లీ మూలధనంగానే మారుతుంది కాబట్టి అప్పిచ్చినవాడికి నష్టం లేదు. రద్దయిన మూలధనం ఖాళీ చేసిన చోట ఈ రిజర్వును కూర్చోబెట్టడమే 69వ సెక్షన్ ఉద్దేశం.

పంచడానికి వీల్లేనిది కాబట్టి ఇది ఫ్రీ రిజర్వు కాదు. అప్పు నిష్పత్తి లెక్కలో దీన్ని కలుపుకోకూడదు. కనుక కొనే ప్రతి షేరుకూ రెండు కోతలు పడతాయి. 40 రూపాయలు నగదుగా బయటికి పోతాయి. మరో 10 రూపాయలు ఫ్రీ రిజర్వుల్లోంచి క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వులోకి మారతాయి. షేరుకు 50 చొప్పున తగ్గుతుంటే, ఉన్న 80 లక్షల వెసులుబాటుకు 1.6 లక్షల షేర్లే సరిపోతాయి. 2 లక్షలు కొని ఉంటే 80 లక్షలు చెల్లింపుగా పోయి, ఇంకో 20 లక్షలు రిజర్వు మార్పుగా పోయి, 280 లక్షలే మిగిలేవి. అప్పు నిష్పత్తి 2.14 అయ్యేది, చట్టం మీరినట్టే. విద్యార్థులు పరీక్షలో ఎక్కువగా తప్పేది ఈ మెట్టు దగ్గరే.

మూడు కొలతల్లో చిన్నదే హద్దు. కాబట్టి ఈ కంపెనీ 1.6 లక్షల షేర్లు, 64 లక్షల రూపాయల బైబ్యాక్ చేయగలదు. మూలధనం, ఫ్రీ రిజర్వుల మొత్తంలో 10 శాతం వరకైతే, అంటే 38 లక్షల వరకైతే, డైరెక్టర్ల బోర్డు తీర్మానం చాలు. 64 లక్షలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం తప్పదు. వ్యతిరేకంగా పడిన ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూలంగా పడాలి. కంపెనీ నియమావళిలో బైబ్యాక్‌కు అనుమతి ఉండాలి, కొనే షేర్లకు మొత్తం సొమ్ము చెల్లించి ఉండాలి. ఏడాది లోపు దివాలా తీయబోమని డైరెక్టర్లు ప్రమాణపూర్వకంగా ప్రకటించాలి.

ఇప్పుడు ఈక్విటీలో ఏం జరిగిందో చూద్దాం. వాటాదారులకు చెల్లించిన 64 లక్షల్లో 16 లక్షలు రద్దయిన షేర్ల ముఖ విలువ. దీన్ని మూలధనంలో కోస్తారు. 100 లక్షలున్న మూలధనం 84కు దిగుతుంది. ముఖ విలువకు మించి ఇచ్చిన 48 లక్షలను సెక్యూరిటీస్ ప్రీమియంలోంచి తీస్తే 60 కాస్తా 12 అవుతుంది. ఆపైన 16 లక్షలు సాధారణ రిజర్వులోంచి క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వుకు మారతాయి. సాధారణ రిజర్వు 150 నుంచి 134కు తగ్గుతుంది, కొత్త ఖాతాలో 16 కనిపిస్తుంది. లాభనష్టాల మిగులు 70, రీవాల్యుయేషన్ రిజర్వు 40 కదలవు.

అన్నీ కూడితే మొదట 420 లక్షలున్న మొత్తం ఈక్విటీ ఇప్పుడు 356 లక్షలు. తేడా 64, సరిగ్గా బయటికి పోయిన నగదంత. చివరి మార్పు, అంటే క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వుకు జరిపిన 16 లక్షలు, మొత్తాన్ని ఒక్క పైసా కూడా మార్చలేదు. ఈక్విటీ లోపలే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లిందంతే. కానీ ఆ రెండో గదికి తాళం ఉంది. 84 లక్షల మూలధనానికి ఈ 16 కలిపితే మళ్లీ 100 లక్షలు. వాటాదారులకు పంచి ఇవ్వలేని మూలధనం బైబ్యాక్‌కు ముందు ఎంతో తర్వాత కూడా అంతే. 1887 నాటి తీర్పు కాపాడదలచింది ఇక్కడ వేరే పేరుతో నిలిచింది. మూలధనం, ఫ్రీ రిజర్వుల మొత్తం 300, అప్పు 600. నిష్పత్తి సరిగ్గా రెండు.

ఇదే కంపెనీ రిజర్వుల జోలికి పోకుండా, 64 లక్షల కొత్త ప్రిఫరెన్స్ షేర్లను ముఖ విలువకే జారీ చేసి ఆ డబ్బుతో ఈక్విటీ షేర్లు కొని ఉంటే కథ వేరుగా ఉండేది. పోయిన మూలధనం స్థానంలో కొత్త మూలధనమే వచ్చింది కాబట్టి క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వు అవసరం ఉండదు. ముఖ విలువకు మించి ఇచ్చిన 48 లక్షలను మాత్రం ప్రీమియంలోనో రిజర్వులోనో సర్దుకోక తప్పదు. ఈక్విటీ మూలధనం 84, ప్రిఫరెన్స్ మూలధనం 64 అవుతాయి. వాటాదారుల నిధుల మొత్తం తగ్గదు, చేతిలోని నగదూ తగ్గదు. అయితే ప్రిఫరెన్స్ వాటాదారులకు స్థిరమైన డివిడెండు ముందుగా ఇవ్వాలి కనుక, మిగిలిన ఈక్విటీ వాటాదారులు ఆ భారం మోయాలి.

నిజమైన కంపెనీల్లో అంకెలు మరో విషయం చెబుతాయి. ఇన్ఫోసిస్ తన మొదటి బైబ్యాక్‌ను 2017లో చేసింది. షేరుకు 1,150 రూపాయల చొప్పున 11,30,43,478 షేర్లను దాదాపు 13,000 కోట్లకు కొంది. షేరు ముఖ విలువ 5 రూపాయలే. అంటే రద్దయిన మూలధనం సుమారు 56.5 కోట్లు, మిగిలిన 12,943 కోట్లకు పైగా సొమ్మంతా రిజర్వుల మీదే పడింది. క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వుకు వెళ్లేది కూడా ఆ 56.5 కోట్లే. 2025లో అదే కంపెనీ షేరుకు 1,800 చొప్పున 10 కోట్ల షేర్లను 18,000 కోట్లకు కొనేందుకు ప్రతిపాదించింది. అక్కడ ముఖ విలువ మొత్తం 50 కోట్లు. 18,000 కోట్లు బయటికి వెళ్తుంటే తాళం వేసిన గదిలో చేరేది 50 కోట్లు. ముఖ విలువ ఎప్పుడో పెట్టుకున్న చిన్న అంకె. ఈనాటి షేరు ధరకు దానితో పోలికే లేదు. కాబట్టి ఇలాంటి పెద్ద కంపెనీల్లో అప్పిచ్చినవాడిని నిజంగా కాపాడేవి 25 శాతం పరిమితి, అప్పు నిష్పత్తి, డైరెక్టర్ల ప్రమాణమే. క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వు సూత్రం గొప్పదే, కానీ దాని మొత్తం మరీ చిన్నది.

ఇక వెనక్కి అమ్మకుండా ఉండిపోయిన వాటాదారుకు ఏమొస్తుంది? పై ఉదాహరణలోని కంపెనీకి ఏటా 42 లక్షల నికర లాభం వస్తుందనుకుంటే, 10 లక్షల షేర్ల మీద ఒక్కో షేరుకు 4.20 రూపాయలు. షేర్లు 8.4 లక్షలకు తగ్గితే 5 రూపాయలు. ప్రకటనల్లో గొప్పగా కనిపించేది ఈ పెరుగుదలే. కానీ వెళ్లిపోయిన 64 లక్షలు బ్యాంకులో 7 శాతం వడ్డీ తెచ్చేవి అనుకుంటే, ఏడాదికి 4.48 లక్షలు, 25 శాతం పన్ను పోను 3.36 లక్షల లాభం తగ్గుతుంది. మిగిలేది 38.64 లక్షలు, షేరుకు 4.60. పెరుగుదల నిజమే, కానీ 80 పైసలు కాదు, 40 పైసలు. వ్యాపారం ఏమాత్రం పెరగలేదు. అదే లాభాన్ని పంచుకునేవాళ్లు తగ్గారంతే.

పుస్తక విలువ సంగతి కొన్న ధర మీద ఆధారపడుతుంది. ముందు 420 లక్షల ఈక్విటీని 10 లక్షల షేర్లతో భాగిస్తే షేరుకు 42 రూపాయలు. ఆ విలువ కంటే తక్కువగా 40కి కొన్నందువల్ల తర్వాత 356 లక్షలను 8.4 లక్షలతో భాగిస్తే 42.38 వస్తుంది. 42 కంటే ఎక్కువ పెట్టి కొని ఉంటే ఉండిపోయినవాళ్ల పుస్తక విలువ తగ్గేది. లాభాలు బాగా తెచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీల షేరు ధర పుస్తక విలువకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే అవి బైబ్యాక్ చేసినప్పుడు షేరుకు లాభం పెరిగి, షేరుకు పుస్తక విలువ తగ్గడం మామూలు. అది తప్పు జరిగిందనడానికి గుర్తు కాదు. ఎక్కువ ధరకు కొంటే లాభం అమ్మినవాడికి, భారం ఉండిపోయినవాడికి అనే మాట మాత్రం నిజం.

పట్టు కూడా మారుతుంది. పై కంపెనీలో 3 లక్షల షేర్లున్న వ్యక్తికి ముందు 30 శాతం వాటా. అతను ఒక్క షేరు కూడా అమ్మకపోతే, రూపాయి ఖర్చు లేకుండా వాటా 35.7 శాతమవుతుంది. 2025 ఇన్ఫోసిస్ బైబ్యాక్‌లో ప్రమోటర్లు పాల్గొనబోమని ముందే చెప్పారు. ఎవరు అమ్ముతున్నారు, ఎవరు ఆగిపోతున్నారు అన్నది బైబ్యాక్ పత్రంలో చూడదగిన సంగతి. చిన్న మదుపుదారులకు టెండర్ పద్ధతిలో ఒక రక్షణ ఉంది. రికార్డు తేదీన 2 లక్షల రూపాయల విలువ వరకు షేర్లున్నవారికి బైబ్యాక్‌లో 15 శాతం వాటా విడిగా ఉంచాలి.

అమెరికాలో కంపెనీలు కొన్న షేర్లను రద్దు చేయకుండా ట్రెజరీ స్టాక్ పేరుతో అట్టిపెట్టుకుని తర్వాత మళ్లీ అమ్ముకోవడం పరిపాటి. అక్కడ కొన్న ఖర్చు ఈక్విటీలో మైనస్ అంకెగా ఒకే వరుసలో కనిపిస్తుంది. భారత కంపెనీకి ఆ వెసులుబాటు లేదు. రద్దు చేయాల్సిందే. పైగా బోనస్, ఉద్యోగుల స్టాక్ ఆప్షన్లు, మార్పిడి హామీల వంటి మినహాయింపులు తప్ప, ఆరు నెలల వరకు అదే రకం షేర్లు కొత్తగా జారీ చేయడానికి వీల్లేదు. రెండు బైబ్యాక్‌ల మధ్య ఏడాది ఎడం ఉండాలి.

షేర్లున్న కంపెనీ బైబ్యాక్ చేసిన ఏడాది, దాని వార్షిక నివేదికలో ‘ఈక్విటీలో మార్పుల పట్టిక’ అనే పేజీ తెరిచి చూడండి. మూలధనం ఎంత తగ్గింది, ప్రీమియం, సాధారణ రిజర్వు ఎంత తగ్గాయి, క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వులో ఎంత చేరింది అనే అంకెలు పక్కపక్కనే ఉంటాయి. మొదటి రెండు కోతల్లోంచి క్యాపిటల్ రిడెంప్షన్ రిజర్వుకు చేరినదాన్ని తీసేస్తే వచ్చే మొత్తం, వాటాదారులకు చెల్లించిన సొమ్ము, దాని మీద కంపెనీ భరించిన ఖర్చులతో కలిపి సరిపోవాలి.